స్పాన్సర్ ముక్క ఎక్కడ పెట్టాలి: మొదట్లోనా, మధ్యలోనా, పనిలో కలిపా, చివర్లోనా?

నల్లగొండ దిక్కు బత్తాయి తోటల మీద వీడియోలు చేసే ఛానెల్ ఒకటి ఉందనుకుందాం. తరువాతి వీడియో ఖరారైంది. తోట చివరి చెట్లకు డ్రిప్పు నీళ్లు అందడం లేదు, పైపులు ఎట్లా శుభ్రం చేయాలన్నది విషయం, నిడివి పన్నెండు నిమిషాలు. సరిగ్గా అప్పుడే డ్రిప్పు ఫిల్టర్లు అమ్మే కంపెనీ ఒకటి ఫోన్ చేసి, వీడియోలో ఒక నిమిషం మా డిస్క్ ఫిల్టర్ గురించి చెప్పండి, పైసలిస్తాం అంది. ఒప్పుకున్నాక వచ్చే చిక్కు ఆ నిమిషాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. దారులు నాలుగున్నాయి. ఏది పట్టాలన్నది ఛానెల్‌ను బట్టి, స్పాన్సర్ వస్తువును బట్టి మారుతుంది. ఈ ఒక్క వీడియోనే పట్టుకుని నాలుగింటినీ తూచి చూద్దాం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న చూసేవాళ్ల తరఫున వేసుకోవాలి. ఆ నిమిషాన్ని కత్తిరించేస్తే వాళ్లకు ఏమైనా నష్టమా? ఏ నష్టమూ లేదంటే అది పూర్తిగా ప్రకటనే. ప్రకటన పెట్టడం తప్పేమీ కాదు గానీ, అప్పుడు దాన్ని పొట్టిగా, ఒక పక్కకు పెట్టాలి.

రెండోది బ్రాండ్ తరఫు ప్రశ్న. వాళ్లు పంపే బ్రీఫ్‌లో నాలుగైదు పాయింట్లుంటాయి. వీడియో వచ్చాక వాళ్ల మనిషి ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కదానికి టిక్ పెడతాడు. మీ మాటల్లో ఎంత అందంగా చెప్పినా, ఆయన టిక్ పెట్టలేకపోతే పేమెంట్ దగ్గర పేచీ వస్తుంది.

మూడోది, చెప్పిన మాట తప్పని తేలితే ఎవరి మీద పడుతుందన్నది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు గొంతిచ్చిన వాళ్ల మీద కూడా 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. చెప్పే ముందు ఆ మాట నిజమో కాదో తగినంతగా విచారించామని చూపగలిగితే ఆ జరిమానా నుంచి తప్పించుకోవచ్చు. అందుకే కంపెనీ పంపిన టెస్ట్ రిపోర్టులను, మెయిళ్లను తీసిపారేయకుండా దాచుకోవాలి.

నాలుగోది చాలామంది ఒప్పందం ముగిశాకే గుర్తు చేసుకుంటారు. రేపు ఆ కంపెనీతో చెడితే, లేదా ఆ మోడల్ అమ్మడం ఆగిపోతే, వీడియో పాడవకుండా ఆ ముక్కను తీయగలమా?

| పద్ధతి | నిడివి | ఎవరికి నప్పుతుంది | ఎక్కడ దెబ్బ తింటుంది |
|---|---|---|---|
| మొదట్లో ఒక మాట | 10–15 సెకన్లు | పేరు గుర్తుంటే చాలనుకునే బ్రాండ్ | వివరం చెప్పడానికి చోటుండదు |
| మధ్యలో విడి ముక్క | 45–75 సెకన్లు | విషయంతో సంబంధం లేని వస్తువు, రివ్యూ వీడియోలు | దాటేసి చూస్తారు |
| పనిలో కలిపి | 60–90 సెకన్లు | వీడియోలో నిజంగా వాడే వస్తువు | తర్వాత తీయడం కష్టం |
| చివర్లో | 20–30 సెకన్లు | చిన్న ఒప్పందం, పాత స్పాన్సర్ | అప్పటికి చాలామంది వెళ్లిపోతారు |

చోటు కంటే ముందు మాట తేల్చుకోవాలి

ఫిల్టర్ కంపెనీ ఐదు పాయింట్లు పంపిందనుకుందాం. ఒకటి, డ్రిప్పర్లు ఇక ఎన్నటికీ మూసుకుపోవు. రెండు, 130 మైక్రాన్ వడపోత. మూడు, పానా లేకుండా చేత్తో విప్పి కడుక్కోవచ్చు. నాలుగు, దిగుబడి 30 శాతం పెరుగుతుంది. ఐదు, కింద లింకులో తీసుకుంటే తగ్గింపు.

వీటిని మూడు కుప్పలు చేయాలి. కెమెరా ముందు చూపించగలిగేది మూడో పాయింటు ఒక్కటే. చేత్తో విప్పి చూపిస్తే చాలు, ఆపైన మాటలక్కర్లేదు. రెండోది, ఐదోది కంపెనీ మాటలు. వాటిని ‘కంపెనీవాళ్లు చెప్తున్నది’ అని వాళ్ల పేరు మీదే చెప్పాలి. మొదటిది, నాలుగోది ఉన్నవి ఉన్నట్టు చెప్పకూడదు.

మొదటిది ఎందుకు చెప్పకూడదో తెలిస్తే ఈ వీడియోలోని స్పాన్సర్ ముక్క దాదాపు దానంతటదే రాసుకుంటుంది. డ్రిప్పర్ రెండు రకాలుగా మూసుకుపోతుంది. ఇసుక, మన్ను, నాచు వచ్చి ఇరుక్కోవడం ఒక రకం. దాన్ని ఫిల్టర్ ఆపుతుంది. నీళ్లలో కరిగి ఉన్న సున్నపు ఉప్పు డ్రిప్పర్ కన్నం దగ్గర నీరు ఆరినప్పుడల్లా తెల్లగా గట్టిపడటం రెండో రకం. కరిగినది వడపోతలో ఆగదు, దానికి ఆసిడ్ ట్రీట్‌మెంటే దారి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న ఊళ్లో ‘ఎన్నటికీ మూసుకుపోవు’ అని చెప్తే, రెండు మూడు నెలలకు ఫిల్టర్ కొన్న రైతే కామెంట్లో తెల్లబారిన డ్రిప్పర్ సంగతి అడుగుతాడు. అదే మాటను ‘ఇసుక, నాచు వల్ల మూసుకుపోవడం తగ్గుతుంది’ అని మార్చమంటే కంపెనీ సాధారణంగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే వాళ్ల ఇంజనీరుకు కూడా అదే తెలుసు. 30 శాతం దిగుబడికి మాత్రం ఏ పంట మీద, ఎక్కడ, ఎన్ని ఎకరాల్లో చూశారో కాగితం అడగాలి. కాగితం రాకపోతే ఆ వాక్యం పోవాల్సిందే.

ఇంకో సంగతి. బ్రీఫ్ తెలుగులో వచ్చినా అది ఎక్కడో ఇంగ్లీషులో పుట్టి ఉంటుంది. ‘మీ వ్యవసాయ ప్రయాణాన్ని తదుపరి స్థాయికి తీసుకెళ్లండి’ లాంటి వాక్యం మిర్యాలగూడ రైతు చెవిన పడగానే వేలు స్క్రీన్ మీదికి పోతుంది. బ్రాండ్‌కు కావాల్సింది పాయింటు. దాని మాటలు మీవే ఉంటాయని ఒప్పందంలోనే రాయించుకోండి.

మొదట్లో ఒక మాట

‘ఈ వీడియోకు స్పాన్సర్ ఫలానా వాళ్లు, సంగతి ముందుకు పోయినంక చెప్త’ అని పది సెకన్లలో ముగించేది. సమస్య చూపించాకే ఇది రావాలి. ఎండిన చివరి చెట్టు, చుక్క పడని డ్రిప్పర్ కనిపించిన తర్వాత ఒక మాట అంటే జనం ఓర్చుకుంటారు. తొలి ఫ్రేములోనే లోగో కనిపిస్తే, తాము వచ్చిన వీడియో ఇదేనా అని అనుమానపడతారు. వివరంగా చెప్పాల్సిన వస్తువుకు ఇది చాలదు. విడి ముక్కకో, కలిపి చెప్పే ముక్కకో తోడుగా మాత్రం పనికొస్తుంది.

కంపెనీయే తయారు చేసిన ముప్పై సెకన్ల ప్రకటన పంపి ‘ముందర అతికించండి చాలు’ అనడం కూడా ఉంది. ప్రకటనదారు తయారు చేసి ఇచ్చిన వీడియో ప్రకటనను అట్లా లోపల పెట్టడానికి యూట్యూబ్ నియమాలు ఒప్పుకోవు. మీరు చెప్పే స్పాన్సర్ మాటకు అడ్డు లేదు. ఈ తేడా బ్రాండ్‌కు ముందే చెప్పేస్తే తర్వాత గొడవుండదు.

మధ్యలో విడి ముక్క

ఇయర్‌ఫోన్ల కంపెనీయో, మొబైల్ యాప్ కంపెనీయో స్పాన్సర్ చేస్తుంటే ఇదే నిజాయితీ గల దారి. బత్తాయి తోటకూ ఇయర్‌ఫోన్‌కూ లేని చుట్టరికం కలపడానికి ‘చెట్టుకు నీళ్లెంత ముఖ్యమో మనకు పాట అంత ముఖ్యం’ అని వంతెన కట్టొద్దు. ‘ఇక్కడ ఒక్క నిమిషం స్పాన్సర్ మాట, ఆ తర్వాత పైపులు ఫ్లష్ చేద్దాం’ అని సూటిగా అనేయండి. తర్వాత వచ్చే పని పేరు చెప్పడం వల్ల దాటేసేవాడు కూడా ఎక్కడ ఆగాలో తెలుసుకుంటాడు.

ఏ చోట కత్తి పెట్టాలన్నదే ఇందులో అసలు నేర్పు. ఒక పని పూర్తయి ఇంకోటి మొదలుకాని సందు వెతకాలి. మన వీడియోలో ఫిల్టర్ కడగడం ఐదో నిమిషంలో అయిపోతుంది, ఫ్లషింగ్ అప్పుడు మొదలవుతుంది. ఆ సందే సరైనది. ‘ఆసిడ్ ఎంత పోయాలో చెప్పే ముందు...’ అని జవాబును బందీ చేసి స్పాన్సర్‌ను దూర్చితే ఆ నిమిషం చూసినవాళ్ల సంఖ్య పెరగొచ్చు, కానీ బ్రాండ్ పేరు చిరాకుతో ముడిపడి గుర్తుంటుంది. అది వాళ్లకూ లాభం కాదు.

నిడివి సంగతి కూడా చూడండి. ఫోన్లో రెండుసార్లు తట్టితే మామూలుగా పది సెకన్లు ముందుకు పోతుంది. తొంభై సెకన్ల ముక్క దాటాలంటే తొమ్మిదిసార్లు తట్టాలి. కొందరు అంత ఓపిక లేక వీడియోనే వదిలేస్తారు. ఒక నిమిషంలోపు ఉంటే దాటేసినవాడు కూడా తిరిగి మీ దగ్గరికే వస్తాడు. బ్రాండ్ రెండు నిమిషాలు అడిగితే, ఒక నిమిషం మధ్యలో, పదిహేను సెకన్లు చివర్లో ఇస్తానని బేరమాడడం మేలు.

పనిలో కలిపి

మన ఫిల్టర్‌కు ఇదే సరిపోతుంది. వీడియోలో ఎట్లాగూ ఫిల్టర్ విప్పి కడగాలి. ఆ పనే స్పాన్సర్ వస్తువు మీద జరుగుతుంది. ఆ ముక్క దాటేసినవాడికి నీటి ఒత్తిడి చూపే గేజీలు ఎట్లా చూడాలో, ఫిల్టర్ ఎప్పుడు కడగాలో తెలియకుండా పోతుంది. మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబుండదు.

రాసే వరుస కూడా పనిలోంచే వస్తుంది. ముందు బ్రాండ్‌తో సంబంధం లేని, ఎవరికైనా పనికొచ్చే ఒక మాట. వెంటనే పైసలు తీసుకున్న సంగతి. ఆ తర్వాత చేతులతో చూపించేది, కంపెనీ మాట, వస్తువు చేయలేనిది. లింకు ఆఖరున. ఒక ముసాయిదా ఇది:

> గేజీలు చూడుండ్రి. ఫిల్టర్‌కు ముందల రెండు కేజీలున్నది, దాటినంక ఒకటిన్నర కూడా లేదు. అర కేజీకి మించి తేడా వచ్చిందంటే ఫిల్టర్ నిండినట్టు, విప్పి కడగాలె. ఇప్పుడు నేను విప్పేది డిస్క్ ఫిల్టర్. ఇది ఫలానా కంపెనీది, ఈ వీడియోకు స్పాన్సర్ వాళ్లే, నాకు పైసలిచ్చిండ్రు. పానా అక్కర్లేదు, ఈ పట్టీ తీస్తే చేత్తోనే వస్తది. లోపల గీతల బిళ్లలు ఒకదాని మీద ఒకటున్నయి చూడుండ్రి. వదులు చేసి పైపు నీళ్లు కొడితే మధ్యల ఇరుక్కున్న మన్నంత పోతది. 130 మైక్రాన్ అని కంపెనీవాళ్లు చెప్తున్నరు, అంటే మిల్లీమీటర్‌ల దాదాపు ఎనిమిదో వంతు. అంతకంటె పెద్ద ఇసుక, నాచు ఇక్కడ్నే ఆగుతది. నీళ్లల్ల కరిగిన ఉప్పు దీంట్ల ఆగదు. డ్రిప్పర్ కాడ తెల్లగ గట్టిపడేది అదే, దానికి ఆసిడ్ పట్టాల్సిందే, అది కూడా ఈ వీడియోలనే చూపిస్త. మీ జాలీ ఫిల్టర్ చినిగి ఇసుక దాటుతున్నదంటే ఇది మంచిగ పనికొస్తది. లింకు కింద పెట్టిన, తగ్గింపున్నదని కంపెనీవాళ్లు చెప్తున్నరు. ఇగ పైపుల చివర మూతలు విప్పుదాం.

గొంతెత్తి చదివి ఫోన్లో టైము పెట్టి చూడండి. చేతి పని కూడా కలుపుకుంటే ఒక నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం మధ్య తేలాలి. ఎక్కువైతే లింకు మాట కాకుండా బిళ్లల వర్ణన తగ్గించండి, ఎందుకంటే అది కంటికి ఎట్లాగూ కనిపిస్తున్నది.

‘కరిగిన ఉప్పు ఆగదు’ అన్న వాక్యం దగ్గర బ్రాండ్ తటపటాయిస్తుంది. ఆ వాక్యం తీయకండి, చోటు మార్చుకోవచ్చు. అదే వీడియోలో మూడు నిమిషాల తర్వాత ఆసిడ్ ట్రీట్‌మెంట్ ఉంది. ఫిల్టర్ ఉన్నా ఇది ఎందుకు చేస్తున్నామో చెప్పకపోతే చూసేవాడికే అనుమానం వస్తుంది. ఈ మాట కంపెనీ మనిషికి వివరిస్తే చాలావరకు దిగి వస్తాడు. అట్లాగే ఎవరికి సరిపోదో ఒక మాట ఉండాలి. ఇసుక బాగా పోసే బోరుకు ముందు, ఇసుకను విడదీసే హైడ్రోసైక్లోన్ కావాలి. ఏఎంఆర్‌పీ కాలువ నీళ్లో, చెరువు నీళ్లో కుంటలో నింపుకుని తోలేవాళ్లకు నాచు కోసం ముందు ఇసుక ఫిల్టర్ ఉండాలి. ఆ రెండూ లేకుండా ఒట్టి డిస్క్ ఫిల్టర్ పెట్టినవాడు రోజుకు నాలుగుసార్లు కడుక్కుంటూ కంపెనీని తిడతాడు. ఈ మాట డిస్క్రిప్షన్‌లో రాసినా సరే, వీడియోలో ఒక వాక్యమైనా రావాలి. చాలా కంపెనీలు ఆ మూడు రకాలూ అమ్ముతాయి కాబట్టి దీనికి అడ్డు చెప్పరు.

ఈ పద్ధతిలో కష్టమంతా నాలుగో ప్రశ్న దగ్గరుంది. స్పాన్సర్ మాట, పని రెండూ ఒకే షాట్‌లో అల్లుకుపోతే రేపు విడదీయలేరు. యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో, పెట్టేసిన వీడియోలోంచి ముక్క కత్తిరించవచ్చు గానీ దాని స్థానంలో కొత్త షాట్ చేర్చడం కుదరదు. అందుకే గేజీల మాట ఒక షాట్, కంపెనీ పేరు, వస్తువు ఇంకో షాట్, లింకు మాట మరో షాట్ తీయండి. రెండోది, మూడోది పోయినా గేజీల పాఠం మిగలాలి. బ్రాండ్ టోపీ పెట్టుకుని వీడియో మొత్తం నిలబడితే ఈ జాగ్రత్తంతా వృథా.

చివర్లో

పొడుగ్గా చెప్పాల్సింది లేదు. ఈ చోటును తక్కువ ధరకే అమ్మండి. ఆసిడ్ పని అయిపోయి డ్రిప్పర్‌లోంచి నీళ్లు చుక్కచుక్కగా పడటం చూశాక జనం వెళ్లిపోతారు. ఇప్పటికే రెండు మూడుసార్లు కలిపి చెప్పిన స్పాన్సర్‌ను గుర్తు చేయడానికి చాలు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పని చూపించే ఛానెళ్లకు, అంటే వ్యవసాయం, వంట, కుట్టుపని, మోటరు రిపేరు చేసేవాళ్లకు, వస్తువు నిజంగా ఆ పనిలో వాడేదైతే కలిపి చెప్పడమే నా మొదటి సలహా. మహబూబ్‌నగర్ వంటల ఛానెల్‌కు పల్లినూనె స్పాన్సర్ దొరికితే మూకుడు పొయ్యి మీద పెట్టినప్పుడే దాని మాట రావాలి.

అదే ఛానెల్ ‘ఏ నూనె మంచిది’ అని ఐదు సీసాలు పోల్చే వీడియో చేస్తుంటే మాత్రం కలపడం ప్రమాదం. పోలికలో ఉన్న ఐదింటిలో ఒకరు డబ్బులిచ్చారంటే మీ తీర్పు మొత్తం కొట్టుకుపోతుంది. గద్వాల చీరల్లో చేతి మగ్గానిదీ మర మగ్గానిదీ తేడా చెప్పే వీడియోకూ ఇదే లెక్క. స్పాన్సర్ దుకాణం చీరను ‘అసలైనది ఇట్లుంటది’ అని చూపించొద్దు. ఈ రెండు చోట్లా వేరే సరుకు అమ్మే స్పాన్సర్‌ను తీసుకుని మధ్యలో విడి ముక్క పెట్టండి. అట్లాంటి స్పాన్సర్ దొరక్కపోతే ఆ వీడియోకు ఒప్పందమే వద్దు.

గ్రూప్స్ పరీక్షల పాఠాలు చెప్పేవాళ్లది ఇంకో రకం. చూసేవాడు నోట్స్ రాసుకుంటూ ఉంటాడు, మధ్యలో ఆపితే చికాకు. వాళ్లకు పది సెకన్లు మొదట్లో, పాఠం రెండో సగం మొదలయ్యే చోట ముప్పై సెకన్లు సరిపోతాయి. ఆ ముప్పై సెకన్లకు చాప్టర్ పెట్టి, దాటేయాలనుకునేవాడికి దారి ఇవ్వండి. చాప్టర్ వద్దని బ్రాండ్ పట్టుబడితే ధర విషయంలో మాట్లాడుకోవచ్చు.

చెప్పడం, చూపించడం

పైసలు తీసుకున్న సంగతి మాటలో, తెర మీద రెండింటా రావాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021 జూన్ నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం రెండు నిమిషాలు, అంతకు మించిన వీడియోలో బ్రాండ్ గురించి మాట్లాడుతున్నంతసేపూ ‘ప్రకటన’ అనో, ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అనో లేబుల్ తెర మీద ఉండాలి. డిస్క్రిప్షన్ అడుగున రాస్తే సరిపోదు. పైన రాసిన ముసాయిదా డెబ్బై సెకన్లయితే గేజీల పాఠం మినహాయించి, కంపెనీ పేరు నుంచి లింకు దాకా లేబుల్ ఉంచాలి. దీనికి తోడు అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్ పెడితే, వీడియో మొదట్లో యూట్యూబే పది సెకన్లపాటు Includes paid promotion అని చూపిస్తుంది. ఈ రెండింట్లో ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

బ్రాండ్ దగ్గర ఎక్కడ చెడుతుంది

ఎక్కువ గొడవలు షూటింగ్ తర్వాతే మొదలవుతాయి. తోటలో తీసిన షాట్ మళ్లీ తీయాలంటే ఫిల్టర్ మళ్లీ మురికి పట్టాలి, గేజీ తేడా మళ్లీ రావాలి. అందుకే మాటల ముసాయిదాకు తోటకు పోకముందే మెయిల్‌లో ఒప్పుదల తీసుకోండి. షూటింగ్ అయ్యాక మార్పులు ఒకటి రెండుసార్లు, అదీ తెర మీది రాత, లింకు, కత్తిరింపు వరకేనని ఒప్పందంలో ఉండాలి. ‘ఇంకొంచెం ఉత్సాహంగా చెప్పండి’ అనేది మార్పు కిందికి రాదు.

ముసాయిదా పంపేటప్పుడు పక్కన వాళ్ల ఐదు పాయింట్లు రాసి, ఒక్కొక్కటి ఏ సెకనులో వస్తుందో వేయండి. రెండోది ముప్పై ఐదో సెకను, మూడోది ఇరవయ్యో సెకను అన్నట్టు. మార్చిన మొదటి పాయింటు పక్కన కొత్త వాక్యం, తీసేసిన నాలుగో దాని పక్కన ‘టెస్ట్ రిపోర్ట్ రాలేదు’ అని రాయండి. టిక్ పెట్టేవాడి పని మీరే సగం చేసి పెట్టినట్టవుతుంది, తన పైవాళ్లకు చూపించుకోవడానికి అతనికి కాగితం దొరుకుతుంది.

వీడియో పెట్టిన వారం తర్వాత స్టూడియోలో వీక్షకులు నిలిచిన గ్రాఫ్ తీసి ఐదో నిమిషం దగ్గర చూడండి. గీత గుంటలా దిగి మళ్లీ పాత ఎత్తుకు లేస్తే జనం ముక్క దాటేసి తిరిగొచ్చారు, చోటు సరైనదే, మాట పొట్టి చేయాలి. దిగి అక్కడే ఉండిపోతే వాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు ముక్కకు ముందున్న ఇరవై సెకన్లు వినండి. సాధారణంగా తప్పు అక్కడే దొరుకుతుంది: ఫిల్టర్ పని అయిపోయిందన్నట్టు మాట ముగిసి ఉంటుంది, తర్వాత ఫ్లషింగ్ ఉందని ఎవరూ చెప్పి ఉండరు.